భూపటమూ భాషాపటమూ: అనువాద చిత్రాల నిర్ణయచరిత్ర

మూకీ చిత్రానికి భాష అడ్డు కాలేదు. మధ్యమధ్య తెరపై కనిపించే వాక్యఫలకాలను కత్తిరించి, వాటి స్థానంలో వేరొక భాషలో అచ్చువేసిన ఫలకాలను అతికిస్తే, అదే చిత్రం స్టాక్‌హోంలోనూ బొంబాయిలోనూ ఒకే విధంగా ఆడేది. ఆ ఫలకాలను చదువలేని వారికోసం కొన్ని హాళ్లలో బిగ్గరగా చదివి వినిపించే మనిషిని కూడా నియమించేవారు. 1920ల చివరి సంవత్సరాలలో తెరకు మాట వచ్చిన మరుక్షణం ఈ సౌలభ్యం అంతరించింది. చలనచిత్ర వర్తకం అంతవరకు ఎన్నడూ వేసుకోనవసరం లేకపోయిన ఒక ప్రశ్నను అప్పుడు తొలిసారిగా ఎదుర్కొన్నది: మన ప్రేక్షకుడు ఏ దేశంలో ఉన్నాడన్నది మనకు తెలుసు, కాని అతడు ఏ భాష వింటాడు, ఏ లిపి చదువుతాడు? మొదటి ప్రశ్నకు సమాధానం పంపిణీదారు ఖాతాపుస్తకంలో ఉంది. రెండవదానికి లేదు. లేనిదానికి బదులుగా ఉన్నదానిని వాడుకోవడం, అనగా దేశాన్ని లెక్కించి దానినే భాషాసంఖ్యగా పరిగణించడం, నాటినుండి నేటివరకు ఈ వృత్తిని వెన్నంటి వస్తున్న పొరపాటు.

ఈ పొరపాటు అత్యంత వైభవంగా జరిగిన స్థలం పారిస్ నగర శివార్లలోని జ్వాన్‌విల్. అమెరికా దేశపు పారమౌంట్ సంస్థ 1930లో అక్కడ ఒక స్టూడియో నెలకొల్పి, ఒకే కథను, ఒకే సెట్టింగులలో, ఒక్కొక్క భాషకు ఒక్కొక్క నటబృందంతో వరుసగా చిత్రించే ఏర్పాటు చేసింది. ఫ్రెంచి బృందం దిగిన వేదికమీదికి జర్మను బృందం, దాని వెనుక స్వీడిషు బృందం, తరువాత స్పానిషు బృందం ఎక్కేవి. రాత్రింబగళ్లు పని సాగేది. కొన్ని చిత్రాలకు పదికి మించిన భాషారూపాలు తయారయ్యాయి. ఈ పద్ధతిని బాబెలు గోపురంతో పోల్చి ఆనాటివారు పరిహసించారు గాని, ఏర్పాటు చేసినవారి తర్కం పైకి కనిపించినంత అవివేకమైనది కాదు. పెదవుల కదలికకు వేరొక గొంతును అతికించే సాంకేతికత అప్పటికి ముతకగా ఉండెను. ఒకరి శరీరంలో మరొకరి గొంతును ప్రేక్షకుడు మోసంగా భావిస్తాడన్న భయం బలంగా ఉండెను. అటువంటప్పుడు ప్రతి భాషకు సొంత నటులను తీసుకోవడం సురక్షితమైన మార్గంగానే తోచింది.

లెక్క తప్పింది మరొక చోట. భాషారూపం ఒక్కొక్కటి తీయడానికి అయ్యే వ్యయం ఆ భాష మాట్లాడేవారు ఎందరన్న దానిపై ఆధారపడదు: ఆరున్నర కోట్ల జర్మనుల కోసం తీసినా, అరవై లక్షల స్వీడిషువారి కోసం తీసినా, నటుల వేతనాలూ ఫిలిమూ విద్యుత్తూ ఇంచుమించు అంతే. రాబడి మాత్రం జనసంఖ్యతోపాటు పెరుగుతుంది, తరుగుతుంది. పటంమీద స్వీడనూ జర్మనీ చెరొక దేశం. ఖాతాలో ఒకటి మరొకదానికి పదో వంతు. ఈ సరళమైన సత్యాన్ని గ్రహించడానికి పారమౌంటుకు రెండేళ్లు పట్టింది. ఈలోగా శబ్దమిశ్రణ పరికరాలు మెరుగుపడి, గొంతు మార్పిడి చౌకగానూ నమ్మదగినదిగానూ తయారైంది. జ్వాన్‌విల్ స్టూడియో 1932 నాటికి భాషారూపాల చిత్రీకరణను విడిచి, డబ్బింగ్ పనికి కుదించుకున్నది.

అటుపిమ్మట ఐరోపాఖండం రెండుగా చీలింది. ఆ చీలిక నేటికీ మానలేదు. పెద్ద భాషలు గల జర్మనీ, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ డబ్బింగ్ వైపు వెళ్లాయి. స్వీడన్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్ సబ్‌టైటిల్ వైపు నిలిచాయి. సబ్‌టైటిలుకు అయ్యే ఖర్చు డబ్బింగులో ఒక చిన్న భాగం మాత్రమే కనుక, చిన్న భాష దానిని మోయగలిగింది. అయితే జనసంఖ్య ఒక్కటే ఈ చీలికను నిర్ణయించిందని చెప్పడం తొందరపాటు. ఉత్తరాదిదేశాలలో అక్షరాస్యత అప్పటికే ఇంచుమించు సంపూర్ణం కాబట్టి తెరమీది అక్షరం అక్కడ ఎవరినీ బయట నిలుపలేదు. ఇటలీలో అక్షరాస్యత తక్కువ. దానికి తోడు ముస్సోలినీ ప్రభుత్వం తెరమీద పరభాష వినిపించడాన్నే నిషేధించింది. స్పెయిన్‌లో 1941 నాటి ఉత్తరువు డబ్బింగును తప్పనిసరి చేసింది. గొంతు మార్చే అవకాశం సంభాషణను సెన్సారు చేసే అవకాశం కూడా అని ఆ ప్రభుత్వం గుర్తించకపోలేదు.

పోర్చుగల్ చేసిన పని వీటన్నిటికంటె ఆలోచింపదగినది. నిరక్షరాస్యులు అధికంగా ఉన్న ఆ దేశం, సాధారణ తర్కాన్ని అనుసరించి డబ్బింగును ఎంచుకోవలసి ఉండగా, 1948లో శాసనం చేసి పరభాషాచిత్రాల డబ్బింగును నిషేధించింది. పరదేశపు చిత్రం పోర్చుగీసు మాట్లాడకుండా ఉన్నంతకాలం, చదువురాని ప్రేక్షకుడు స్వదేశపు చిత్రానికే వస్తాడన్నది ఆ శాసనం వెనుక ఉన్న ఆశ. సబ్‌టైటిల్ సేతువు మాత్రమే కాదు, చదువురానివాడి ముందు అది గోడ కూడా అవుతుంది. ఇదే గోడను వేరొక రూపంలో మన పొరుగున కన్నడసీమలో కట్టడం తరువాత చూస్తాము.

స్పానిషు విషయంలో హాలీవుడ్ చేసిన తప్పు మరొక జాతికి చెందినది. ఇక్కడ జనసంఖ్య పెద్దదే. ఇరవై దేశాలు ఒకే భాష మాట్లాడుతాయని పుస్తకాలు చెప్పాయి. ఆ మాట నమ్మి, మాడ్రిడ్ నటుణ్ని తండ్రిగా, మెక్సికో నటిని కూతురుగా, అర్జెంటీనా నటుణ్ని అల్లుడిగా పెట్టి తీసిన చిత్రాలను అన్ని దేశాలకూ పంపారు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు యాసలు మాట్లాడడం చూసి అన్ని దేశాల ప్రేక్షకులూ నవ్వారు. తండ్రిది నెల్లూరు, కూతురిది శ్రీకాకుళం, అల్లుడిది కరీంనగర్ యాసగా, కథ మాత్రం ఒకే ఊరిదిగా ఊహించుకుంటే తెలుగువారికి ఆ నవ్వు అర్థమవుతుంది. భాషాపట్టికలో ఒకే పేరు కింద ఉన్నంతమాత్రాన అందులోని వారంతా ఒకే గొంతును తమదిగా అంగీకరిస్తారని కాదు.

ఐరోపాలో ఈ తర్జనభర్జన జరుగుతున్నప్పుడే భారతదేశంలో టాకీ పుట్టింది. 1931 అక్టోబరులో మద్రాసులో విడుదలైన ‘కాళిదాస్’, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలో తయారైన చిత్రం. అందులో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళం మాట్లాడగా, ఇతర పాత్రలు తెలుగూ హిందీ మాట్లాడాయి. చరిత్రకారులు దీనిని తరచు వింతగా పేర్కొంటారు. నా దృష్టిలో అది వింత కాదు. తెలియని ప్రేక్షకపటం ముందు నిలబడిన వర్తకుడు, ఏ భాష ఎంచుకోవాలో తేలక, అన్నింటినీ కొద్దికొద్దిగా ఎంచుకున్న ఘట్టం. మద్రాసు రాజధానిలో తమిళులూ తెలుగువారూ ఇంచుమించు సరిసమానంగా ఉండిరి. ఒక్క నగరపు హాలులోనే ఇరువురూ పక్కపక్కన కూర్చునేవారు. మరుసటి ఏడు వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ పూర్తిగా తెలుగులో మాట్లాడి, ఆ సంకోచానికి ముగింపు పలికింది.

ఇక్కడొక విశేషం. జ్వాన్‌విల్‌లో రెండేళ్లలో కుప్పకూలిన పద్ధతి, మద్రాసులో దాదాపు మూడు దశాబ్దాలు నిలదొక్కుకున్నది. ‘పాతాళభైరవి’ 1951లో తెలుగూ తమిళమూ రెండింటా వచ్చింది. 1955లో ‘మిస్సమ్మ’ తమిళంలో ‘మిస్సియమ్మ’ అయింది. 1957 నాటి ‘మాయాబజార్’ను రెండు భాషలలోనూ తీశారు. తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు ధరించిన అభిమన్యుణ్ని తమిళంలో జెమినీ గణేశన్ ధరించగా, రామారావు కృష్ణుడూ, రంగారావు ఘటోత్కచుడూ, సావిత్రి శశిరేఖా రెంటిలోనూ వారే. పారిస్ శివార్లలో ప్రతి భాషకూ పరదేశాలనుండి నటులను రైళ్లలో రప్పించి, హోటళ్లలో ఉంచి, తిరిగి పంపవలసి వచ్చింది. మద్రాసులో రెండు భాషల నటులూ ఒకే పేటలో కాపురముండిరి. వారిలో పలువురు రెండు భాషలూ మాట్లాడగలిగిరి. మార్చవలసినది నలుగురైదుగురు పాత్రధారులను మాత్రమే. పైగా రెండు భాషలలో ఏదీ రెండవదానికి పదో వంతు కాదు. భాషాభూగోళం అనుకూలిస్తే పాత పద్ధతి సైతం లాభిస్తుందనీ, అది లాభించినంతకాలమే బతుకుతుందనీ మద్రాసు అనుభవం చెబుతుంది. 1956లో రాష్ట్రాలు భాషాప్రాతిపదికన ఏర్పడి, 1960ల తరువాత తెలుగు నిర్మాణం క్రమంగా హైదరాబాదుకు తరలినకొద్దీ ఆ అనుకూలత పోయింది, దానితో ద్విభాషాచిత్రమూ అరుదైంది.

డబ్బింగ్ ఈలోగా పక్కవాకిలి గుండా ప్రవేశించింది. ఎ.వి. మెయ్యప్పన్ 1940లలో కన్నడ ‘హరిశ్చంద్ర’కు తమిళ గొంతులు అతికించి విడుదల చేశాడు, తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా చెప్పుకునే ‘ఆహుతి’ 1950లో ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ చిత్రంనుండి వచ్చింది. దానికి మాటలూ పాటలూ రాసినవాడు శ్రీశ్రీ. మహాకవి ఉదరపోషణకై చేసిన చిల్లరపనిగా దానిని తలచేవారున్నారు. ఆ తలపు సరికాదు. తెలుగు అజంత భాష, హిందీలో హలంతాలు మెండు, తెరమీది పెదవులు ‘ప’కారానికీ ‘మ’కారానికీ మూతపడేచోట తెలుగులోనూ ఓష్ఠ్యమే పడాలి, వాక్యం ముగిసేటప్పటికి నటుడి నోరు కూడా మూతపడాలి. ఛందస్సు తెలిసినవాడు తప్ప చేయలేని పని అది. తరువాతి తరంలో అనిసెట్టి, రాజశ్రీ వంటివారు దానిని ఒక వృత్తిగానే సాధన చేశారు.

సబ్‌టైటిల్ అనే చౌక మార్గం ఉండగా, ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం 1951 జనగణనలో ఉన్నది. ఆ ఏడు దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. తెరమీద రెండు వరుసల అక్షరం నాలుగైదు సెకన్లు మాత్రమే నిలుస్తుంది. దానిని అందుకోవడానికి అక్షరాలు తెలియడం చాలదు, తడుముకోకుండా చదవడం రావాలి. ఐరోపాలో ప్రధానంగా జనసంఖ్య నిర్ణయించిన చీలికను మన దేశంలో అక్షరాస్యత నిర్ణయించింది: పెద్ద భాషా చిన్న భాషా అన్న భేదం లేకుండా, పల్లెకు చేరదలచిన చిత్రం మాట్లాడవలసిందే. సబ్‌టైటిల్ ఇక్కడ ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలకూ, పురస్కారచిత్రాలకూ పరిమితమైంది.

మన పంపిణీవర్తకం ప్రేక్షకుణ్ని లెక్కించిన తీరు కూడా ఇక్కడ పరిశీలించాలి. చిత్రాన్ని ప్రాంతాలవారీగా అమ్మడం మొదటినుండీ ఆచారం; ఆ ప్రాంతాల పేర్లు నేటికీ నైజాం, సీడెడ్. నైజాం రాజ్యం 1948లో అంతరించి, 1956లో మూడు ముక్కలై, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోనూ, కలబురగి, రాయచూరు, బీదరు మైసూరు రాష్ట్రంలోనూ కలిసిపోయినా, హిందీచిత్రాల వర్తకపటంలో ‘నైజాం’ ఆ జిల్లాలను చేర్చుకునే ఉన్నది. ఆ రాజ్యంలో తెలుగువారు సగానికి కొంచెం తక్కువ. మిగిలినవారు మరాఠీ, ఉర్దూ, కన్నడం మాట్లాడేవారు. నిజాం 1800లో కుంఫిణీకి దత్తం చేసిన మండలాలే సీడెడ్. అందులో బళ్లారి 1953లోనే మైసూరుకు పోయినా, తెలుగుచిత్రాల కొనుగోలులో సీడెడుతోనే నడిచింది. అంటే ‘నైజాంలో ఇంత వసూలైంది’ అన్న వాక్యంలో ఉన్న సమాచారం ఒక పాత రాజ్యపు సరిహద్దుకు చెందినది. ఏ భాషవారు చూశారన్నది అందులో లేదు. వర్తకులు ఈ సంగతి ఎరుగనివారు కారు. ఔరంగాబాదు వసూలుకూ వరంగల్లు వసూలుకూ భేదం వారికి కంఠస్థం. కాని ఆ జ్ఞానం మనుషుల తలలో ఉండి, అంకె మాత్రం పుస్తకంలో ఉండేది. మనిషి పోతే అంకె ఒక్కటే మిగిలేది.

కర్ణాటకంలో పరిస్థితి మరింత చిక్కుపడింది. 1960లలో అ.న. కృష్ణరావు ప్రభృతులు, పరభాషాచిత్రాల వెల్లువలో కన్నడచిత్రం మునిగిపోతున్నదన్న ఆందోళనతో, డబ్బింగుకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. శాసనం లేకుండానే, పరిశ్రమ కట్టుబాటుగా, ఆ నిషేధం సుమారు అర్ధశతాబ్దం నిలిచింది. భారత పోటీ కమిషన్ 2015లో అది చట్టవిరుద్ధమని తీర్పు చెప్పిన తరువాతే సడలింది. పోర్చుగల్ వలె ఇక్కడా స్వభాషాచిత్రాన్ని కాపాడాలన్నదే ఆశయం. ఆ ఆశయం కొంత నెరవేరింది. కన్నడ నటులకూ సాంకేతికులకూ పని దొరికింది. దాని మూల్యం కన్నడం తప్ప మరేమీ రాని గ్రామీణ ప్రేక్షకుడు చెల్లించాడు. ప్రేక్షకగణితం దృష్ట్యా వచ్చిన ఫలితం మరొకటి: బెంగుళూరు, కోలారు, బళ్లారి సీమలలోని కన్నడిగులు తెలుగుచిత్రాలను తెలుగులోనే చూడడం అలవరచుకున్నారు. 2011 జనగణన ప్రకారం కర్ణాటకంలో తెలుగు మాతృభాషగా గలవారు రమారమి 36 లక్షలు, జనాభాలో ఆరు శాతంకంటె తక్కువ. అక్కడ తెలుగుచిత్రం చూసేవారు అంతకు మించి ఉన్నారని ప్రతి పంపిణీదారూ ఎరుగును. ‘బాహుబలి’ రెండు భాగాలూ కన్నడ రూపం లేకుండానే అక్కడ విజయవంతంగా ఆడడం దీనికి సాక్ష్యం.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. కర్ణాటకంలో తెలుగుచిత్రానికి ఎందరు ప్రేక్షకులున్నారన్న అంకెను చూసి కన్నడ డబ్బింగ్ నిర్ణయించడం తర్కానికి నిలవదు. ఆ ప్రేక్షకులు తెలుగులోనే చూస్తున్నారు. వారికి కన్నడరూపం ఇస్తే వారు ఒక హాలునుండి మరొక హాలుకు మారుతారు, అంతే. డబ్బింగు వ్యయాన్ని తిరిగి ఇచ్చేవాడు ఇంతవరకు హాలుకు రానివాడు, హాసన్‌లోనో చామరాజనగరలోనో ఉన్నవాడు. అతడు ఖాతాపుస్తకంలో ఎక్కడా కనిపించడు. ఉన్న ప్రేక్షకుణ్ని మాత్రమే చూపగల పట్టికనుండి లేని ప్రేక్షకుణ్ని ఊహించవలసి రావడమే ఈ విద్యలో అసలు కష్టం.

హిందీ వైపు కథ ఇంకొక దారిలో నడిచింది. ఈ శతాబ్దం తొలి దశకంలో బొంబాయి చిత్రం మహానగరాల మల్టీప్లెక్సులనూ విదేశాలలోని భారతీయులనూ ఉద్దేశించి మారిపోగా, చిన్న ఊళ్ల ప్రేక్షకుడు కోరిన పోరాటమూ, కుటుంబకలహమూ, పగా, అట్టహాసమూ తెలుగుచిత్రంలో నిలిచి ఉండెను. రోజంతా నింపవలసిన గంటలు ఉపగ్రహ ఛానళ్లకు ఉండెను. నాగార్జున నటించిన ‘మాస్’ చిత్రం ‘మేరీ జంగ్: వన్ మ్యాన్ ఆర్మీ’ పేరిట హిందీలో ప్రసారమై విశేషాదరణ పొందడంతో, హక్కులు చౌకగా కొని, గొంతు మార్చి, ప్రసారం చేయడం ఒక వ్యాపారమైంది. హిందీ ప్రేక్షకుడు తెలుగు కథానాయకుణ్ని హాలులో చూడకముందే, పదేళ్లపాటు ఇంట్లో చూసి ఎరిగినవాడయ్యాడు. ‘బాహుబలి’ రెండవ భాగం హిందీరూపం 2017లో 500 కోట్లు దాటినప్పుడు గాని, 2021 డిసెంబరులో ‘పుష్ప’ హిందీలో ఊహించని ఆదరణ పొందినప్పుడు గాని, దానిని ఆకస్మికమన్నవారు ఈ పదేళ్ల నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆ పదేళ్లూ వర్తకులకు దారి చూపిన కొలమానం టెలివిజన్ వీక్షణ గణాంకాలు. వాటిలో ‘హిందీ మాట్లాడే మార్కెట్’ అని ఒక విభాగం ఉన్నది. పేరు విన్నవారు ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్ అనుకుంటారు. వాస్తవానికి దక్షిణాది రాష్ట్రాలు పోగా మిగిలిన భారతదేశమంతా అందులో చేరుతుంది: మరాఠీ మాట్లాడే మహారాష్ట్ర, గుజరాత్, బెంగాల్, ఒడిశా కూడా. జ్వాన్‌విల్ నాటి పొరపాటు ఇక్కడ కొలమానం పేరులోనే స్థిరపడింది. పైగా 2015 అక్టోబరు వరకు ఆ గణాంకాలు పట్టణాలకే పరిమితం. ఆనాడు గ్రామీణ వీక్షణను చేర్చగానే, ఉచిత డిష్‌లో వచ్చే ఛానళ్లు ఒక్కసారిగా పైకి ఎగబాకాయి. ప్రేక్షకుడు ఆ వారం పుట్టలేదు. కొలబద్ద ఆ వారం అతణ్ని చేరింది.

జనగణనలోని ‘హిందీ’ కూడా ఇటువంటి సంచియే. 2011లో హిందీ మాతృభాషగా గలవారు 52.83 కోట్లని పట్టిక చెబుతుంది. దానిని విప్పి చూస్తే, తమ భాష హిందీ అని చెప్పినవారు సుమారు 32 కోట్లు. భోజ్‌పురి అన్నవారు 5 కోట్లకు పైగా, రాజస్థానీ అన్నవారు రెండున్నర కోట్లు, ఛత్తీస్‌గఢీ అన్నవారు కోటీ అరవై లక్షలు. వీరిలో హిందీ డబ్బింగును తమదిగా స్వీకరించేవారు ఉన్నారు, సహించేవారు ఉన్నారు. భోజ్‌పురి ప్రత్యేకరూపం లాభిస్తుందా అని ఆ మొత్తపు అంకె చెప్పదు. విప్పిన అంకె కనీసం ప్రశ్న వేయనిస్తుంది.

నేటి నిర్మాత ముందున్నది అంతర్జాల వేదికలు అందించే పట్టిక. ఏ రాష్ట్రంనుండి ఎందరు చూశారు, ఎంతసేపు చూశారు, సబ్‌టైటిల్ పెట్టుకున్నారా లేదా అన్నది అందులో ఉంటుంది. పాత ఖాతాపుస్తకంతో పోలిస్తే ఇది దివ్యదృష్టి వలె కనిపిస్తుంది. అయినా దానిని చదవడంలో ఆ పాత జాగ్రత్తే అవసరం. ఊహకు ఒక తెలుగు చిత్రాన్ని తీసుకుందాం. దానికి లక్ష వీక్షణలు వచ్చాయనీ, అందులో 65 వేలు రెండు తెలుగు రాష్ట్రాలవి, 14 వేలు కర్ణాటకానివి, 8 వేలు తమిళనాడువి, 5 వేలు మహారాష్ట్రవి, మిగిలిన 8 వేలు విదేశాలవనీ అనుకుందాం. పట్టికను పైనుండి కిందికి చదివేవాడు కన్నడ డబ్బింగ్ చేయిస్తాడు. పక్క గడి చూసేవాడు ఆగుతాడు: కర్ణాటకం నుండి చూసినవారు సగటున తెలుగు రాష్ట్రాలవారు చూసినంతసేపే, సబ్‌టైటిల్ లేకుండానే చూశారనుకోండి, వారు తెలుగు తెలిసినవారే. మహారాష్ట్రలోని 5 వేలమందిలో అత్యధికులు రెండు నిమిషాలకే వెళ్లిపోయి, నిలిచినవారు మాత్రం సబ్‌టైటిల్ పెట్టుకొని చివరిదాకా చూసి ఉంటే, తలుపు తట్టి, భాష అర్థంకాక వెనుదిరిగినవారు అక్కడ ఉన్నారన్నమాట. రెండు నిమిషాలకు వెళ్లిపోవడానికి కథ నచ్చకపోవడం కూడా కారణం కావచ్చు కనుక, మొదట మరాఠీ, హిందీ సబ్‌టైటిళ్లు చేర్చి, శీర్షికనూ పరిచయవాక్యాలనూ ఆ భాషల్లో ఇచ్చి, కొన్ని వారాలు చూడడం వివేకం. నిలిచే కాలం పెరిగితే అడ్డు భాషే. అప్పుడు డబ్బింగ్ ఖర్చుకు ఆధారం దొరికినట్టు. పెరగకపోతే పోయినది సబ్‌టైటిల్ ఖర్చు మాత్రమే.

ఈ పట్టికలోని భూగోళం కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. చరవాణి మీద చూసేవాని ఊరును యంత్రం అతని వాహకసంస్థ చిరునామానుబట్టి ఊహిస్తుంది. పల్లెలో ఉన్నవాడు తరచు దూరపు నగరంలో ఉన్నట్టు నమోదవుతాడు. టెలికాం శాఖ విభజనలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ నేటికీ తెలంగాణను కలుపుకొని ఉన్నది. బీహార్ సర్కిల్ ఝార్ఖండ్‌ను, మధ్యప్రదేశ్ సర్కిల్ ఛత్తీస్‌గఢ్‌ను. నైజాం, సీడెడ్‌ల పక్కన ఇప్పుడు సర్కిళ్లు వచ్చి చేరాయి. వేరొక పనికి గీసిన గీతను ప్రేక్షకపటంగా వాడుకునే అలవాటు పోలేదు.

చివరగా లిపి సంగతి. అక్షరాస్యత 2011 నాటికి సుమారు 73 శాతానికి చేరి, సబ్‌టైటిలుకు అడ్డుగా నిలిచిన పాత గోడ చాలావరకు కూలింది. కాని అక్షరాస్యుడు ఏ లిపిలో అక్షరాస్యుడన్నది వేరే ప్రశ్న. తమిళనాడులో తెలుగు మాతృభాషగా నమోదైనవారు సుమారు 42 లక్షలు. అక్కడ 2006 చట్టం పాఠశాలల్లో తమిళాన్ని తప్పనిసరి చేసింది. హోసూరులో ఇంట తెలుగు మాట్లాడే కుర్రవాడు ఎక్కువగా చదివేది తమిళమూ ఆంగ్లమూ. అమెరికాలో ఇంట తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2017 నాటి అధికార సర్వేలో నాలుగు లక్షలు దాటింది. అక్కడ పుట్టిన పిల్లలకు అమ్మమ్మ మాట అర్థమవుతుంది, అమ్మమ్మ రాసిన ఉత్తరం చదవడం రాదు. వీరిని ‘తెలుగు’ గడిలో చేర్చి తెలుగు సబ్‌టైటిల్ అందించినవారు, వారు చెవితో అందుకోగల దానినే కంటికి రాని రూపంలో తిరిగి ఇచ్చినవారవుతారు. వారికి కావలసినది తెలుగు గొంతూ, సందిగ్ధమైన చోట ఆంగ్లాక్షరమూ. మాతృభాష అడిగే పట్టిక ఏ లిపి చదువుతారని అడగదు.

ఈ నిర్ణయాలకు నేటికీ ఆధారమైన భాషాపట్టిక 2011 జనగణనది. అది ప్రకటితమైనది 2018లో. 2021లో జరగవలసిన గణన ఆ ఏడు జరగలేదు.